గౌట్ లేచిన రోజుల్లో బొటనవేలికి ఏ చెప్పు వేయాలి? మిల్లు పని ఆపే వీలు లేదు

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)

అందరికీ నమస్తే. నాకు 46 ఏళ్లు, రైస్ మిల్లులో గుమస్తాని. మొన్న అర్ధరాత్రి కుడికాలి బొటనవేలు మొదట్లో, అంటే వేలు పాదంతో కలిసే కీలు దగ్గర, ఒక్కసారిగా మంట లేచింది. తెల్లారేసరికి ఎర్రగా మెరుస్తూ వాచిపోయింది. దుప్పటి అంచు తగిలినా అరుపు వస్తోంది. పోయిన ఏడాది కూడా ఇట్లాగే వచ్చింది, అప్పుడే డాక్టరు గౌట్ అని చెప్పారు. యూరిక్ యాసిడ్ 8.9 ఉండె. ఈసారి కూడా ఆయన దగ్గరికి వెళ్లి మందు మొదలుపెట్టాను. కాబట్టి మందుల గురించి అడగడం లేదు.

నా సమస్య చెప్పులు. కోతల సీజను, గేటు బయట లారీలు వరసగా ఉన్నాయి. కాంటా దగ్గరికి, అక్కడి నుంచి గోదాముకి, మళ్లీ ఆఫీసు గదికి తిరగక తప్పదు. హవాయి చెప్పు వేస్తే వేళ్ల మధ్య ఉండే పట్టీ సరిగ్గా కీలు పక్కన ఒరుసుకుంటోంది. షూ అసలు ఎక్కదు. వెల్క్రో సాండల్ తెచ్చుకుంటే దాని ముందు పట్టీ వాపు మీదే పడింది. వట్టి కాలితో నడిస్తే బయట కంకర. ఈ నాలుగు రోజులు గడిచేదాకా ఏం వేసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

దేవరకొండ_బక్కోడు

అన్నా, చెప్పులు తర్వాత చూద్దాం. వేడి నీళ్లలో దొడ్డు ఉప్పు వేసి అరగంట కాలు పెట్టు, వాపు దిగుతుంది. కందిపప్పు, పాలకూర, టమాట బంద్ చెయ్. తలకాయ కూర, బోటి ముట్టొద్దు. నీళ్లు మస్తు తాగు. మా బావకు ఇదే చెప్పిన, మళ్లీ రాలే.

---

కండక్టర్_బాబాయ్ (నల్లగొండ)

బక్కోడు తమ్ముడూ, తలకాయ, బోటి, నీళ్ల సంగతి కరెక్టు. వేడి నీళ్లు మాత్రం వద్దు. మంటలో ఉన్న కీలుకు వేడి పెడితే నాకు ఇంకా పొంగింది. ఐస్‌ను బట్టలో చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు పెడితేనే హాయిగా ఉంటుంది. పప్పు, పాలకూర మానెయ్యమని మా డాక్టరైతే ఎప్పుడూ చెప్పలేదు.

మిల్లు తమ్ముడూ, నాది చాలా ఏళ్ల గౌట్. బస్సులో నిలబడి టికెట్లు కొట్టే ఉద్యోగం కాబట్టి నీ బాధ నాకు బాగా తెలుసు. సర్జికల్ షాపులో ఆపరేషన్ అయిన కాలికి వేసే చెప్పు దొరుకుతుంది. పోస్ట్ ఆప్ షూ అని అడుగు. అడుగు భాగం చెక్కలాగ గట్టిగా, ముందు వేళ్ల దగ్గర తెరిచి, పైన రెండు వెడల్పు వెల్క్రో రెక్కలు ఉంటాయి. ఎంత వాపున్నా కాలు అందులో పడుతుంది. డ్యూటీలో నన్ను కాపాడింది అదే. చూడ్డానికి అందంగా ఉండదు, ప్రయాణికులు "ఏం ఆక్సిడెంట్ అయింది సార్" అని అడుగుతూనే ఉంటారు.

---

సూర్యాపేట_చెప్పుల_షాపు

మాది చెప్పుల వ్యాపారమే, కాబట్టి ఒక మాట. నొప్పి కాలికి మెత్తదనం కావాలి. మెమరీ ఫోమ్ స్లిప్పర్లు ఇప్పుడు బాగా నడుస్తున్నాయి. వేలితో నొక్కితే దిగిపోతాయి, మేఘం మీద నడిచినట్టు ఉంటుంది. షుగర్ పేషెంట్లు కూడా ఇవే తీసుకుపోతారు. చెక్కలాంటి సోలు వేస్తే నొప్పి పెరగదా? కండక్టర్ సార్ చెప్పింది నాకు ఎదురుగా అనిపిస్తోంది.

---

ఫిజియో_పాలమూరు

నేను మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపిస్టును. పాదాల కేసులు ఎక్కువగా చూస్తాను. షాపు అన్న అడిగింది అందరూ అడిగేదే, కొంచెం వివరంగా చెప్తాను.

గౌట్ లేచిన కీలును రెండు రకాలుగా నొప్పించవచ్చు. ఒకటి పైనుంచో పక్కనుంచో తగలడం. పట్టీ, షూ తోలు, సాక్సు కుట్టు, దుప్పటి ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఇది అందరికీ కనబడుతుంది. రెండోది వంగడం. ఇది కనబడదు, నడిచేటప్పుడు ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఇదే. మనం అడుగు వేసి మడమ పైకి లేపే క్షణంలో బొటనవేలు నేల మీదే ఉంటుంది, పాదం లేస్తుంది. అంటే ఆ కీలు పైకి 40 డిగ్రీలకు పైగానే వంగుతుంది, ఒంటి బరువు కూడా అప్పుడే దాని మీద పడుతుంది. లోపల యూరేట్ స్ఫటికాలు, వాపు నీరు నిండి ఉన్న కీలు అంత వంగితే ఎట్లా ఉంటుందో మిల్లు అన్నకు నేను చెప్పక్కర్లేదు.

మెత్తటి ఫోమ్ స్లిప్పరు కింద నుంచి వచ్చే దెబ్బను తగ్గిస్తుంది, నిజమే. కానీ అది కాలితో పాటే వంగిపోతుంది, వంపును ఆపదు. పైగా వదులు స్లిప్పరు జారిపోకుండా వేళ్లతో పట్టుకుని నడుస్తాం. ఆ పట్టులో బొటనవేలి కండరాలు అడుగడుగునా కీలును లాగుతాయి. హవాయి చెప్పులో కూడా ఇదే జరుగుతుంది, దానికి తోడు పట్టీ రాపిడి. బొటనవేలు దూర్చే ఉంగుటం ఉన్న తోలు చెప్పులైతే ఈ రోజుల్లో దగ్గరికి కూడా రానివ్వొద్దు.

కాబట్టి కావాల్సింది ఇది: కింద వంగని సోలు, దాని మీద కాలికి తగిలే చోట పలచని మెత్తని పొర, పైన కీలు మీద ఏమీ లేని ఖాళీ, మడమ వెనక పట్టీ. కండక్టర్ గారి పోస్ట్ ఆప్ షూలో ఇవన్నీ ఉన్నాయి, మెత్తని పొర ఒక్కటే కొంచెం తక్కువ.

షాపులో పరీక్ష తేలిక. ఒక చేత్తో చెప్పు మడమ, ఇంకో చేత్తో దాని ముక్కు పట్టుకుని వంచండి. వేళ్లు మొదలయ్యే చోట మడత పడితే అటాక్ రోజులకు అది పనికిరాదు.

---

మునుగోడు_రైతు

మేడం, మా వైపు కీళ్ల నొప్పులంటే నీళ్లే కారణం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా నాయిన నడుము వంగిపోయింది. భగీరథ నీళ్లు వచ్చాక కూడా పాత నొప్పులు పోలేదు. మిర్యాలగూడ అన్నది కూడా ఫ్లోరైడే కావచ్చు కదా? యూరిక్ యాసిడ్ అని ఊరికే రాస్తున్నారేమో.

---

ఫిజియో_పాలమూరు

రైతు అన్నా, మీ అనుమానం సహజమే. కానీ రెండింటి తీరు వేరు. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. మెడ, నడుము బిగుసుకుపోతాయి, రెండు వైపులా ఉంటుంది, కూర్చుని లేవడం కష్టమవుతుంది. రాత్రి పడుకునేటప్పుడు బాగున్న ఒక్క బొటనవేలు తెల్లారేసరికి ఎర్రగా మండుతూ వాచిందంటే అది ఫ్లోరైడ్ పని కాదు. పదిరోజులకో రెండు వారాలకో మొత్తం దిగిపోయి మళ్లీ మామూలు కావడం కూడా గౌట్ లక్షణమే. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు, అది వేరే సంగతి. మీ నాయినకు కూడా ఎప్పుడైనా ఒక్క కీలు ఇట్లా హఠాత్తుగా వాస్తే, నీళ్ల మీద నెట్టెయ్యకుండా చూపించండి.

---

వనపర్తి_లక్ష్మి

నాకూ బొటనవేలి దగ్గర ఎముక పక్కకు పొడుచుకొచ్చింది. ఏడెనిమిదేళ్లుగా ఉంది. చెప్పు పట్టీ తగిలితే నొప్పి. మడమలో కూడా పొద్దున లేవగానే సూదులు గుచ్చినట్టు ఉంటుంది. మా ఆడబిడ్డ చెప్తే నల్ల ఎంసీఆర్ చెప్పులు కొన్నాను, మడమ నొప్పి చాలా తగ్గింది. కాబట్టి మిల్లు అన్నయ్యా, మీరు కూడా ఎంసీఆర్ తీసుకోండి, గౌట్ పోతుంది. నాది కూడా గౌటే అయి ఉంటుందా?

---

ఫిజియో_పాలమూరు

లక్ష్మి గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి ఏళ్ల తరబడి మెల్లగా పక్కకు పెరిగిన ఆ ఎముక బనియన్ అనే పాదం సమస్యలా ఉంది. పొద్దున మొదటి అడుగుల్లో మడమ నొప్పి ఇంకో సంగతి. చూడకుండా ఖాయంగా చెప్పలేను, కానీ గౌట్ ఇట్లా ఉండదు. మీ మడమకు ఎంసీఆర్ మంచి ఎంపికే. మిల్లు అన్నకు మాత్రం అది ఒక్కటే చాలదు. మెత్తని ఎంసీఆర్ పొర కింద గట్టి సోలు కూడా ఉంటేనే ఆయనకు లాభం. చెప్పు ఏదైనా గౌట్‌ను పోగొట్టదు, నడిచేటప్పుడు నొప్పిని తగ్గిస్తుంది, అంతే.

---

మిల్లు_లెక్కలు

అందరికీ థాంక్స్. ఇక్కడ సర్జికల్ షాపులో అడిగాను. వాళ్లు ఇచ్చింది వేరేలా ఉంది. మడమ కింద మాత్రమే ఎత్తుగా దిమ్మ ఉంది, ముందు సగం గాలిలో తేలుతోంది. "వేళ్ల మీద బరువే పడదు, ఇదే బెస్ట్" అన్నాడు. వేసుకుని మిల్లు దాకా వచ్చాను. వేలికి నిజంగానే హాయి. కానీ మెట్టు దిగుతుంటే ముందుకు తూలాను, హమాలీ పట్టుకోకపోతే పడేవాణ్ణి. వెన్ను కూడా లాగుతోంది. ఇది వాడొచ్చా?

---

ఫిజియో_పాలమూరు

వద్దన్నా. దాన్ని షుగర్ పుండ్లకు, వేళ్ల ఆపరేషన్లకు ఇస్తారు. ఊతకర్రో వాకరో పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేసేవాళ్లకోసం అది. వడ్లు చిందిన నేల మీద, కంకర మీద మీరు దాంతో తిరిగితే వేలు బాగుపడేలోపు మణికట్టు విరుగుతుంది. వెనక్కిచ్చేసి పాదం పొడవునా గట్టి చదును సోలు ఉన్నది అడగండి. సోలు ముక్కు దగ్గర కొద్దిగా పడవలా పైకి లేచి ఉంటే ఇంకా మంచిది. కీలు వంగకుండానే పాదం ముందుకు దొర్లిపోతుంది. ఆ వంపు కీలు కంటే కొంచెం వెనకే మొదలవ్వాలి. వేళ్ల చివర మాత్రమే లేచి ఉంటే అది అలంకారమే.

---

కండక్టర్_బాబాయ్

నాకూ మొదట ఆ సగం షూనే అంటగట్టబోయారు తమ్ముడూ. అసలుది తెచ్చుకున్నాక రెండు పనులు చెయ్యి. ఒకటి, ముందు వెల్క్రో రెక్కను వాపు మీద వెయ్యకుండా పాదం మధ్యలోకి జరుపు. జరగకపోతే వదిలెయ్, వెనక రెక్క ఒక్కటే బిగించు. మడమ ఊగకపోతే చాలు. రెండు, అది మందం సోలు కదా, రెండో కాలికి పలచని స్లిప్పరు వేస్తే కుంటి నడక వస్తుంది. నాకు ఎడమ మోకాలు పట్టేసింది. రెండో కాలికి కూడా అంతే మందం ఉన్న షూ వెయ్యి.

ఇంకోటి, చేతికర్ర. నొప్పి కుడికాలికి కదా అని కుడి చేత్తో పట్టుకుంటారు చాలామంది. ఎడమ చేత్తో పట్టుకో, కుడికాలూ కర్రా ఒకేసారి నేలను తాకాలి. అడుగులు చిన్నవి వెయ్యి. పెద్ద అడుగు వేస్తేనే వెనక కాలు వేళ్ల మీద లేస్తుంది.

---

నాగర్‌కర్నూల్_కొడుకు

మా నాన్నకు 63, పదిహేనేళ్లుగా షుగర్. ఆయనకు కూడా నిన్నటి నుంచి బొటనవేలు ఎర్రగా వాచింది, ఒంట్లో కొంచెం వెచ్చగా ఉంది. నొప్పి మాత్రం పెద్దగా లేదంటున్నారు. ఈ చర్చ చదివి ఐస్ పెట్టాను. పోస్ట్ ఆప్ షూ ఆర్డర్ పెట్టమంటారా?

---

ఫిజియో_పాలమూరు

ఐస్ వెంటనే తీసెయ్యండి. షూ ఆర్డర్ సంగతి వదిలెయ్యండి, ఈరోజే డాక్టరుకు చూపించండి. ఇంత ఎర్రగా వాచిన వేలు నొప్పి లేదంటున్నారంటే పాదం స్పర్శ పోయి ఉండొచ్చు. స్పర్శ లేని కాలికి ఐస్ పెడితే చర్మం కాలినట్టు పాడవుతుంది, ఆయనకు తెలియదు కూడా. వేళ్ల సందుల్లో, గోరు పక్కన, అరికాలిలో చిన్న పుండు ఉందేమో టార్చి వేసి చూడండి. జ్వరంతో పాటు వాచిన కీలు గౌట్ కావచ్చు, చీము పట్టిన కీలు కావచ్చు. కళ్లతో చూసి విడదీయలేం. అవసరమైతే కీలు నుంచి సూదితో నీరు తీసి పరీక్షిస్తారు. రేపటికి వాయిదా వెయ్యకండి.

---

నాగర్‌కర్నూల్_కొడుకు

బయల్దేరుతున్నాం మేడం. మీరు చెప్పినట్టు చూస్తే చిటికెన వేలి కింద చిన్న పగులు ఉంది, తడిగా ఉంది. ఆయనకే తెలియదు.

---

సూర్యాపేట_చెప్పుల_షాపు

మేడం, ఒక సందేహం. ఒక కస్టమర్ న్యూజిలాండ్‌లో ఎవరో గౌట్ వాళ్లకు కుషన్ షూలు ఇచ్చి పరీక్ష చేశారని, నొప్పి తగ్గిందని ఫోన్‌లో చూపించాడు. అక్కడ కుషన్ మంచిదంటే మీరేమో గట్టి సోలు అంటున్నారు.

---

ఫిజియో_పాలమూరు

అది నిజమైన పరీక్షే అన్నా. గౌట్ ఉన్న 36 మందికి బజార్లో దొరికే షూలు ఇచ్చి 8 వారాలు చూశారు. వాటిలో కుషన్‌తో పాటు పాదాన్ని నిలకడగా పట్టే నడక షూ వేసుకున్నవాళ్లకు నొప్పి తగ్గింది. అది మీ మెమరీ ఫోమ్ స్లిప్పరు లాంటిది కాదు. మడమ కప్పు గట్టిగా, పైన బిగింపు ఉన్న షూ. ఇంకో సంగతి, అది అటాక్ మధ్యలో ఉన్నవాళ్ల మీద చేసింది కాదు. మంట మీద ఉన్న వేలికి ఏ చెప్పు మంచిదో అంత గట్టిగా తేల్చిన పరీక్ష నేను చూడలేదు. నేను చెప్పేది కీలు పనిచేసే తీరును బట్టి, రోజూ చూసే కాళ్లను బట్టి.

మీకు ఒక సలహా. మీ దగ్గర వెడల్పు ముక్కు షూలు ఉంటే సాయంత్రం పూట, పాదం కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు కాగితం మీద కస్టమర్ పాదం గీత గీయించండి. ఆ గీత మీద షూ పెట్టండి. బొటనవేలి కీలు దగ్గర గీత షూ బయటికి కనబడితే ఆ సైజు అమ్మకండి. సైజు పెంచితే పొడవు పెరుగుతుంది, వెడల్పు సరిపోదు. మన దగ్గర ఎక్కువగా జరిగేది అదే.

---

దేవరకొండ_బక్కోడు

అదంతా డబ్బులున్నోళ్ల ముచ్చట. ఊర్లో చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఏం చేయించుకోవచ్చో చెప్పండి. నా పాత సాండల్ ఒకటి ఉంది, దాన్నే మార్పించొచ్చా? నాకు గౌట్ లేదు, మా బావకోసం అడుగుతున్న. మళ్లీ వచ్చింది.

---

కండక్టర్_బాబాయ్

మళ్లీ రాలే అన్నావు కదరా తమ్ముడూ!

---

ఫిజియో_పాలమూరు

చేయించుకోవచ్చు. వెనక పట్టీ ఉన్న, అడుగు మందంగా ఉన్న సాండల్ తీసుకోండి. పై పొర ఊడదీయించి రెండు పొరల మధ్య గట్టి ప్లాస్టిక్ షీటు, సుమారు 2 మిల్లీమీటర్లది, పెట్టించి మళ్లీ అతికించి కుట్టించండి. ఇక్కడ ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోవాలి: ఆ షీటు మడమ నుంచి బొటనవేలి చివరిదాకా ఉండాలి. చాలామంది ముక్క సరిపోలేదని వేళ్ల ముందే ఆపేస్తారు. అప్పుడు చెప్పు సరిగ్గా షీటు ఆగిన చోటే, అంటే కీలు దగ్గరే మడత పడుతుంది. మామూలు చెప్పు కంటే ఎక్కువ నొప్పి. వంచి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

ముందు పట్టీ కోయించి పాదం మధ్యలో, లేసులు కట్టే ఎత్తులో కుట్టించండి. పైన 5 మిల్లీమీటర్ల ఎంసీఆర్ షీటు వేయిస్తే లక్ష్మి గారి మెత్తదనం కూడా వచ్చేస్తుంది. చివరగా అడుగున ముక్కు వైపు రబ్బరును వాలుగా గీయించి పడవ ఆకారం తెమ్మనండి. ఇవన్నీ రెండు చెప్పులకూ చేయించాలి, ఒక్కదానికే కాదు.

అలవాటు లేనివాళ్లకు గట్టి సోలు మొదట వింతగా ఉంటుంది, పిక్కలు లాగొచ్చు. బైకు గేరు వేసేటప్పుడు, బ్రేకు తొక్కేటప్పుడు పాదానికి పట్టు తెలియదు. మోటారు నడిపేవాళ్లు ఆ రోజుల్లో నడపకపోవడమే మేలు.

---

మునుగోడు_రైతు

ఇంట్లో ఉన్నప్పుడు వట్టి కాళ్లతో తాండూరు బండల మీద నడిస్తే చల్లగా ఉంటుంది కదా. మా అన్నకు గౌట్ వస్తే అట్లానే తిరుగుతాడు, బాగుందంటాడు.

---

కండక్టర్_బాబాయ్

నేను కూడా అంతే. ఇంట్లో చెప్పు వేస్తే మా ఆవిడ ఊరుకోదు.

---

ఫిజియో_పాలమూరు

చల్లదనం హాయిగా ఉండేది నిజం. కానీ వట్టి కాలితో నడిస్తేనే కీలు అన్నిటికంటే ఎక్కువ వంగుతుంది, గట్టి బండ కాబట్టి ఒత్తిడి కూడా ఎక్కువ. బండ మీద కాలు ఆనించి కూర్చోండి, నడవడానికి మాత్రం శుభ్రమైన గట్టి చెప్పు ఒకటి ఇంట్లోకి పెట్టుకోండి.

---

కండక్టర్_బాబాయ్

మేడం, మీ మాట కాదనను గానీ ఇంట్లో మంచం నుంచి బాత్రూం దాకా నేను మడమ మీద నడుస్తాను, వేలు నేలకు తాకనివ్వను. నాకు ఇబ్బంది లేదు. దీనిమీద మనకు కుదరదు.

---

మిల్లు_లెక్కలు

అప్‌డేట్. సగం షూ వెనక్కిచ్చి కండక్టర్ బాబాయ్ చెప్పినది తెచ్చుకున్నాను. ముందు రెక్క పాదం మధ్యలోకి జరిగింది. ఎడమ కాలికి పాత స్పోర్ట్స్ షూ, అడుగున ఇంకో అట్ట వేశాను, ఎత్తు సరిపోయింది. కర్ర ఎడమ చేతిలో. మొదటి పూట తేడా బాగా తెలిసింది. ఇంతకుముందు కాలు ఆనించేటప్పుడు కాదు, ఎత్తేటప్పుడు ప్రాణం పోయేది. ఇప్పుడు ఆ గుంజుడు లేదు. కానీ సాయంత్రానికి మళ్లీ వాపు పెరిగింది, వేలు టపటప కొట్టుకుంటోంది. షూ పనిచేయనట్టేనా?

---

ఫిజియో_పాలమూరు

షూ పనిచేసింది, మీరు ఆ ధైర్యంతో రోజంతా తిరిగారు. నడిచేటప్పటి నొప్పి తగ్గి, సాయంత్రం వాపు పెరిగితే అది ఎక్కువ సేపు కాలు కిందికి వేలాడేసినందుకు, ఎక్కువ నడిచినందుకు. మొదటి రెండు మూడు రోజులు కాంటా దగ్గర కుర్చీ వేయించుకుని, కాలు ఇంకో స్టూలు మీద పెట్టుకుని లెక్కలు రాయండి. చిట్టీలు మీ దగ్గరికే తెప్పించుకోండి. రాత్రి దుప్పటి కింద పాదం దగ్గర ఖాళీ అట్టపెట్టె పెట్టుకుంటే బట్ట వేలికి తగలదు.

షూ విప్పగానే చర్మం చూడండి. పట్టీ అచ్చు పడి పావుగంటలో పోకపోతే అది బిగువు.

ఒకటి అడగొచ్చా? మీకు బీపీ ఉందా? ఏం మాత్ర వేసుకుంటారు?

---

మిల్లు_లెక్కలు

ఉంది మేడం. పేరు చివర హెచ్ అక్షరం ఉన్న మాత్ర. దానికీ వేలికీ ఏం సంబంధం?

---

ఫిజియో_పాలమూరు

ఆ హెచ్ అంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉందని అర్థం. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు. అది యూరిక్ యాసిడ్‌ను ఒంట్లో నిలిపేస్తుంది. మీ అంతట మీరు ఆపకండి, బీపీ లేస్తుంది. గౌట్ ఉందని బీపీ డాక్టరుకు తెలుసా అని మాత్రం అడగండి. మందులు నా పని కాదు కాబట్టి అంతవరకే చెప్తాను. షూ ఎంత మంచిదైనా యూరిక్ యాసిడ్ 8.9 దగ్గరే ఉంటే ఏటా ఇదే షూ బయటికి తీయాల్సి వస్తుంది. సాధారణంగా 6 లోపు ఉంచాలని చూస్తారు.

---

దేవరకొండ_బక్కోడు

మా బావకు ఇప్పుడు వాపు ఉండగానే టెస్టు చేయిస్తే 5.9 వచ్చింది. ల్యాబ్ ఆయన గౌట్ కాదన్నాడు. చెప్పు కుట్టించుడు ఆపమంటారా?

---

కండక్టర్_బాబాయ్

నాకూ ఒకసారి అట్లానే మామూలుగా వచ్చింది. అటాక్‌లో ఉన్నప్పుడు రక్తంలో తగ్గి కనబడొచ్చట. వాపు దిగిన రెండు, నాలుగు వారాల తర్వాత మళ్లీ చేయిస్తే అసలు సంగతి తెలిసింది. చెప్పు కుట్టించు, నష్టమేముంది. కల్లు మాత్రం మానెయ్యమను.

---

దేవరకొండ_బక్కోడు

బీరు సంగతి ఒప్పుకుంటా. చెట్టు కింద పొద్దుటి తాటికల్లుతో ఏం కాదు బాబాయ్.

---

కండక్టర్_బాబాయ్

పొద్దుటి కల్లు సాయంత్రం దాకా తాగేది మీరే కదా.

---

నాగర్‌కర్నూల్_కొడుకు

నాన్నను అడ్మిట్ చేశారు. ఆ పగులు లోంచి ఇన్ఫెక్షన్ అన్నారు, గౌట్ కాదు. యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నారు. ఎముకకు పాకలేదని ఎక్స్‌రే చూసి చెప్పారు గానీ ఇంకోసారి తీస్తారట. మేడం, డిశ్చార్జ్ అయ్యాక ఏ చెప్పులో మిమ్మల్ని అడుగుతాను.

---

ఫిజియో_పాలమూరు

తప్పకుండా. ఆయన చెప్పుల లెక్క వేరు, వేరే చర్చ మొదలుపెట్టండి.

---

మిల్లు_లెక్కలు

వాపు దిగి చాలా రోజులైంది, ఇప్పుడు రాస్తున్నాను. బీపీ డాక్టరు మాత్ర మార్చారు. యూరిక్ యాసిడ్ మళ్లీ చేయిస్తే 8.4 వచ్చింది. దాన్ని తగ్గించడానికి రోజూ వేసుకునే మాత్ర తక్కువ డోసుతో మొదలుపెట్టారు. మొదట్లో ఇంకోసారి అటాక్ రావొచ్చు, వచ్చినా దాన్ని ఆపొద్దని ముందే చెప్పారు. అన్నట్టే చిన్నగా ఒకటి వచ్చింది. ఆ పోస్ట్ ఆప్ షూ బయటికి తీసి మొదటి గంట నుంచే వేసుకున్నాను, కుర్చీలోనే కూర్చున్నాను. పోయినసారి కంటే తొందరగా నడవగలిగాను. మందు ప్రభావమా, షూ ప్రభావమా చెప్పలేను.

మామూలు రోజులకు సూర్యాపేట అన్న షాపులో కాగితం గీత చూసి వెడల్పు ముక్కు షూ తీసుకున్నాను. హవాయి మానేశాను.

ఒక ఇబ్బంది మిగిలింది. వానాకాలం వస్తే మిల్లు ఆవరణ అంతా బురద. పోస్ట్ ఆప్ షూ బట్టతో చేసింది, ముందు తెరిచి ఉంటుంది, తడిస్తే బరువెక్కుతుంది. గమ్‌బూట్లు గట్టిగానే ఉంటాయి కదా, వాటిలోకి ఆ షీటు వేసుకోవచ్చా?

---

సూర్యాపేట_చెప్పుల_షాపు

గమ్‌బూటు ముక్కు వెడల్పే అన్నా, రెండు సైజులు పెద్దది తీసుకుంటే కాలు పడుతుంది.

---

ఫిజియో_పాలమూరు

అటాక్ రోజుల్లో వద్దు. గమ్‌బూటు అడుగు గట్టిగా కనబడుతుంది గానీ వేళ్ల దగ్గర మెత్తటి రబ్బరు, బాగానే మడత పడుతుంది. వాచిన కాలును అందులోకి తోయాలన్నా, బయటికి లాగాలన్నా ఆ వేలునే పట్టి గుంజాలి. రెండు సైజులు పెద్దదైతే లోపల కాలు ముందుకు జారి వేలు ముక్కుకు కొట్టుకుంటుంది. బక్కోడు తమ్ముడు చేయించినట్టు సాండల్ చేయించుకోండి, పైన తోలు బదులు రెక్సిన్ పట్టీలు పెట్టిస్తే తడిసినా తుడుచుకోవచ్చు. అడుగున టైరు రబ్బరు వేయించండి, బురదలో జారదు.

---

దేవరకొండ_బక్కోడు

మా బావది టైరు అడుగుతోనే చేయించినం. బరువు ఎక్కువైంది, తోలు పని ఆయన పెద్ద లారీ టైరు వేసిండు. స్కూటర్ టైరు అడగండి అన్నా.

---

మిల్లు_లెక్కలు

సరే తమ్ముడూ, ఆ చెప్పులు కుట్టే ఆయన దేవరకొండలో ఎక్కడ కూర్చుంటాడో మెసేజ్ పెట్టు. ఆదివారం వస్తాను.